‘నో ఛేంజ్’ వెనుక లెక్క

ఇంటర్ ఫలితాలు వచ్చిన కొన్ని వారాలకు కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల, ఆదిలాబాద్ కాలేజీల స్టాఫ్ రూముల్లో ఏటా ఒకే సంభాషణ నడుస్తుంది. తండ్రి చేతిలో జవాబు పత్రం కాపీ ఉంటుంది. బోర్డు పంపిన ఫలితంలో ‘నో ఛేంజ్’ అనే రెండు మాటలుంటాయి. “జవాబు కరెక్టే ఉన్నది గద సార్, మరి మూడు మార్కులు ఎందుకు కోసిండ్రు? పైసలు కట్టి మళ్ళ చూడమన్నా గూడ ఎందుకు మారలే?” అని ఆయన అడుగుతాడు. చాలాసార్లు లెక్చరర్ చెప్పేది, “బోర్డు వాళ్లు చూసే ఉంటారండీ, ఇంక మనం చేసేదేం లేదు” అని. ఆ జవాబుతో ఆయన లేచి వెళ్తాడే తప్ప ఒప్పుకుని వెళ్లడు.

ఆయన అడిగిన ఒక్క ప్రశ్నలో నిజానికి మూడు ప్రశ్నలున్నాయి. రెండోసారి పేపర్ తీసినప్పుడు బోర్డు చేసిన పని ఏమిటి? ఆ మూడు మార్కులు ఏ లెక్కన పోయాయి? ఆ లెక్కే తప్పయితే దాన్ని సరిదిద్దే దారి ఉందా? ఈ మూడింటినీ కలిపేయడంతో వాదన ముడిపడిపోయింది. వాటిని విడదీసి, ఎవరి వాదం ఏమిటో, ఏది తేలిందో, ఏది తేలలేదో చూడటమే ఈ సమీక్ష పని.

పిలిచేది ఒక పేరుతో, జరిగేది ఇంకొకటి

జనం నోట అన్నీ ‘రీవాల్యుయేషనే’. బోర్డుల పుస్తకంలో మాత్రం ఇవి వేర్వేరు పనులు. రీకౌంటింగ్ అంటే వేసిన మార్కులను మళ్లీ కూడటం. తెలంగాణ ఇంటర్ బోర్డు దీనికి పేపరుకు 100 రూపాయలు, పదో తరగతి పరీక్షల విభాగం సబ్జెక్టుకు 500 రూపాయలు తీసుకుంటూ వచ్చాయి. రీవెరిఫికేషన్ అంటే జవాబు పత్రం కాపీ ఇస్తూ, దిద్దకుండా వదిలేసిన జవాబు ఏమైనా ఉందా, లోపలి మార్కులు మొదటి పేజీ పట్టికలోకి సరిగ్గా ఎక్కాయా, మొత్తం సరిపోయిందా అని చూడటం. దీనికి ఇంటర్‌లో 600, పదో తరగతిలో 1,000 రూపాయలు. రీవాల్యుయేషన్ మూడోది. ఇంకో పరీక్షకుడు జవాబును మొదటి నుంచి చదివి, తన లెక్కన కొత్తగా మార్కులు వేయడం. విశ్వవిద్యాలయాల డిగ్రీ, ఇంజనీరింగ్ పరీక్షల్లో, సీబీఎస్ఈలో ఇది ఉంది. మన పదో తరగతి, ఇంటర్ రీవెరిఫికేషన్‌లో లేదు. ఒకసారి దిద్దిన జవాబును మళ్లీ తూకం వేయడం అందులో భాగం కాదు.

కాబట్టి మొదటి ప్రశ్నకు జవాబు చాలామంది తల్లిదండ్రులు ఊహించని చోట ఉంది. ఏడు మార్కుల ప్రశ్నకు నాలుగు వేయడం సబబా అని రెండోసారి ఎవరూ తేల్చలేదు. నాలుగు అని వేసింది నాలుగుగానే ఎక్కిందా అని మాత్రమే చూశారు. తండ్రి అడిగింది న్యాయం గురించి, బోర్డు ఇచ్చింది కూడిక గురించి. ఈ తేడా ముందే చెప్పకుండా మార్కింగ్ స్కీమ్ వివరించబోతే, బోర్డు చేయని పనిని చేసినట్టు చెప్పిన వాళ్లమవుతాం.

ఇంత ఇరుకైన హక్కు ఎందుకంటే దాని వెనుక కోర్టు తీర్పుల చరిత్ర ఉంది. 1984లో మహారాష్ట్ర బోర్డు, పరితోష్ సేఠ్ కేసులో సుప్రీంకోర్టు, జవాబు పత్రం చూపించమనీ మళ్లీ దిద్దమనీ అడిగే హక్కు విద్యార్థికి లేదంది. లక్షల పేపర్లను తిరగదోడుతూ పోతే ఏ ఫలితమూ ఖరారు కాదన్నది దాని సారం. 2011లో సీబీఎస్ఈ, ఆదిత్య బందోపాధ్యాయ కేసులో ఆ తలుపు సగం తెరుచుకుంది. ఎవరి జవాబు పత్రం వాళ్లు సమాచార హక్కు చట్టం కింద చూసుకోవచ్చు, అయితే దిద్దినవారి పేరు, సంతకం కనబడకూడదు. 2017లో రణవిజయ్ సింగ్ కేసులో మిగతా సగం ఎక్కడ ఆగుతుందో కోర్టు చెప్పింది. నిబంధనల్లో రీవాల్యుయేషన్ లేకపోతే, సాగదీసిన తర్కంతో పనిలేకుండా కంటికి కనబడే తప్పు ఉన్న అరుదైన సందర్భాల్లోనే కోర్టు కలగజేసుకోవాలి. జాలి దీనికి కొలత కాదు. నేటి స్థితి ఇదే. పేపర్ చూసే హక్కు ఉంది, తిరిగి దిద్దించుకునే హక్కు ఆయా బోర్డు నిబంధన ఇచ్చినంత వరకే.

సున్నా తొంభై తొమ్మిదైన ఏడాది

ఉత్తర తెలంగాణలో ఈ చర్చ ఎప్పుడు మొదలైనా 2019 దగ్గరికే వస్తుంది. ఆ ఏడాది ఏప్రిల్ 18న ఇంటర్ ఫలితాలు వచ్చాయి. పరీక్ష రాసినవాళ్లకు గైర్హాజరు పడింది, మొదటి సంవత్సరం మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్లు రెండో ఏడాది ఫెయిలయ్యారు. పాత ఆదిలాబాద్‌లో భాగమైన మంచిర్యాల జిల్లాకు చెందిన ఒక విద్యార్థినికి తెలుగులో సున్నా వచ్చింది. పేపర్ తీసి చూస్తే అది 99. లోపల మార్కులు సరిగ్గానే ఉన్నాయి. మొదటి పేజీ మీద గుండ్రాలు దిద్దేటప్పుడు తొమ్మిది, తొమ్మిది నింపాల్సిన చోట సున్నా, సున్నా నిండాయి. వరుసలో తర్వాత కూర్చున్న స్క్రూటినైజర్ కంటికీ అది ఆనలేదు. దిద్దినవారికి 5,000 రూపాయల జరిమానా పడింది, సరిచూడాల్సినవారు సస్పెండయ్యారు. ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారని అప్పటి వార్తలు చెప్పాయి. ఆ బాధ మీదే ప్రభుత్వం ఫెయిలైన వాళ్లందరి పేపర్లనూ ఉచితంగా రీవెరిఫికేషన్ చేయించింది.

మే నెలాఖరుకు ఆ ఫలితం వచ్చింది. 3,82,116 మందిలో కొత్తగా పాసైనవారు 1,137 మంది. వెయ్యికి ముగ్గురు. ఈ అంకెను రెండు పక్షాలూ వాడుకున్నాయి. వెయ్యిలో 997 మంది ఫలితం మారలేదంటే దిద్దుడు సవ్యంగానే జరిగిందన్నది ఒక పక్షం. అసలు మళ్లీ దిద్దనే లేదు, కూడికలు చూశారు గనుక మారలేదన్నది రెండో పక్షం.

నిజానికి ఆ అంకె రెండు వాదాలనూ పూర్తిగా మోయలేదు. అది లెక్కపెట్టింది గీత దాటి పాసైనవాళ్లను మాత్రమే. పన్నెండు మార్కులు పద్దెనిమిదైనా ఆ లెక్కలోకి రాదు. పక్క రాష్ట్రం ఆంధ్రప్రదేశ్‌లో 2025 పదో తరగతి పరీక్షల తర్వాత రీవెరిఫికేషన్‌కు 60 వేలకు పైగా పేపర్లు వస్తే 11 వేలకు పైగా పేపర్లలో మార్కులు మారాయి. అంటే దాదాపు ఆరింట ఒకటి. ఒక చోట వెయ్యికి మూడు, ఇంకోచోట ఆరుకు ఒకటి అనగానే ఒక బోర్డు మంచిది, ఇంకొకటి చెడ్డది అనుకోవడం తొందరపాటు. మొదటిది ఫెయిలైన ప్రతి పిల్లవాడి పేపరు. రెండోది ఏదో తేడా ఉందని అనుమానించి డబ్బు కట్టినవాళ్ల పేపరు. అనుమానం ఉన్నచోట వెతికితే తప్పు ఎక్కువ దొరకడం సహజం. రెండూ కలిపి చెప్పేది ఒకటే. కూడిక, ఎక్కింపు, వదిలేసిన జవాబు, ఈ మూడు రకాల తప్పులు నిజంగా జరుగుతున్నాయి, అందుకే పేపర్ తెప్పించుకోవడం వృథా కాదు. మంచిర్యాల కేసు కూడా ఈ కోవలోదే. అక్కడ ఎవరి అభిప్రాయమూ మారలేదు, ఒక అంకె మారింది.

ఏడులో నాలుగు ఎలా అయ్యింది

రెండో ప్రశ్నకు స్కీమ్ తెరవాల్సిందే. స్పాట్ వాల్యుయేషన్ క్యాంపులో పేపర్ కట్టలు విప్పే ముందు, ఆ సబ్జెక్టు పరీక్షకులకు ప్రశ్నల వారీగా జవాబు, ఏ మెట్టుకు ఎన్ని మార్కులో రాసిన పత్రం ఇస్తారు. దిద్దేటప్పుడు అసిస్టెంట్ ఎగ్జామినర్ చేతులు దానికి కట్టుబడి ఉంటాయి. చీఫ్ ఎగ్జామినర్ కొన్ని పేపర్లు తీసి అది పాటించారా అని చూస్తారు.

ఏళ్లుగా నడిచిన ఇంటర్ మొదటి సంవత్సరం గణితం 1బి పేపర్ 75 మార్కులకు. చివరి సెక్షన్‌లో ఏడు ప్రశ్నలకు ఐదు, ఒక్కోటి ఏడు మార్కులు. అందులో పిల్లలందరికీ తెలిసిన లెక్క ఒకటి ఉంది. `l + m + n = 0`, `l² + m² − n² = 0` అయ్యేలా దిక్ కొసైన్లు ఉన్న రెండు రేఖల మధ్య కోణం కనుక్కోమని. జవాబు 60°. దీనికి మెట్ల మార్కులు ఇలా ఉన్నాయనుకుందాం. మొదటి సమీకరణం నుంచి `n = −(l + m)` అని రాసి రెండోదాంట్లో పెట్టడానికి ఒకటి. వర్గం విస్తరించి `lm = 0` తేవడానికి రెండు. `l = 0` అయితే ఒక రేఖ, `m = 0` అయితే ఇంకో రేఖ అని రెండు దిక్ సంఖ్యల జతలు, `(0, 1, −1)`, `(1, 0, −1)`, రాబట్టడానికి రెండు. `cos θ` సూత్రంలో పెట్టడానికి ఒకటి. `cos θ = 1/2`, కోణం 60° అనడానికి ఒకటి.

ఇప్పుడు ఇద్దరు పిల్లలను ఊహించుకుందాం. మొదటి అమ్మాయి `(l + m)²` ను `l² + m²` అని రాసింది. మధ్యలో ఉండాల్సిన `2lm` పోయింది. అలా రాస్తే సమీకరణంలో రెండు వైపులా కొట్టుకుపోయి `0 = 0` మిగలాలి, ముందుకు దారి ఉండకూడదు. కానీ కింది గీతలో ఉన్నట్టుండి `l = 0` లేదా `m = 0` అని ఉంది. అక్కడి నుంచి అంతా సరిగ్గా నడిచి 60° వచ్చింది. జవాబు గైడులో చదివి గుర్తుపెట్టుకున్నది, దారి మాత్రం తనది కాదు. రెండో అబ్బాయి `lm = 0` ను చక్కగా తెచ్చాడు, రేఖలు రెండూ తెచ్చాడు. చివర `√2 × √2` ను 2 అనే బదులు `√2` అని పొరబడి 45° అన్నాడు.

అమ్మాయిది ఒప్పు జవాబు, అబ్బాయిది తప్పు జవాబు. స్కీమ్ ప్రకారం అబ్బాయికి పోయేది ఒకటే మార్కు, వచ్చేవి ఆరు. అమ్మాయికి మొదటి మెట్టుకు ఒకటి, విస్తరణకు సున్నా, రేఖలకు రెండులో ఒకటి, సూత్రానికి ఒకటి, జవాబుకు ఒకటి. మొత్తం నాలుగు. “జవాబు కరెక్టే” అన్న తండ్రి మాట అక్షరాలా నిజం. ఆ మాటకు స్కీమ్ ఇచ్చే విలువ ఒక్క మార్కు. మిగతా ఆరూ దారివి.

ఈ లెక్కలో గట్టి నేల ఏది, మెత్తటి నేల ఏది అన్నది ముఖ్యం. విస్తరణకు పోయిన రెండు మార్కుల మీద ఏ ఇద్దరు లెక్చరర్లూ తగువు పడరు. రేఖలకు వేసిన ఒకటి దగ్గర పడొచ్చు. ఆధారం లేకుండా వచ్చినా రాసినవి సరైనవే గనుక రెండూ ఇద్దామని ఒకరు, దారి లేని చోట ఏమీ ఇవ్వొద్దని ఇంకొకరు అనొచ్చు. అంటే ఐదూ వేయొచ్చు, మూడూ వేయొచ్చు. నాలుగు ఆ హద్దుల మధ్యే ఉంది.

తండ్రుల లెక్క తప్పే ఇంకో చోటు కూడా ఉంది. ఐదు రాయమంటే పిల్లలు ఆరో ఏడో రాస్తారు. అన్నీ దిద్ది, ఎక్కువ మార్కులు వచ్చిన ఐదే తీసుకుని మిగిలిన దాని మార్కు కొట్టేస్తారు. ఇంట్లో కాపీ ముందేసుకుని కనబడిన అంకెలన్నీ కూడితే 51, మెమోలో 47 ఉంటుంది. కూడిక తప్పిందని దరఖాస్తు పెడతారు. కొట్టేసిన ఆ నాలుగు తీసేస్తే తేడా పోతుంది. ‘నో ఛేంజ్’ వచ్చిన దరఖాస్తుల్లో ఇటువంటివి ఉంటాయన్నది క్యాంపు చూసిన ఎవరికైనా తెలిసిన సంగతే.

మూడు వాదాలు

స్కీమే సర్వం అనేవాళ్లది మొదటి వాదం. వీళ్ల భయం పరీక్షకుల మధ్య తేడా. ఆ భయానికి ఆధారం ఉంది. బ్రిటన్‌లో హార్టాగ్, రోడ్స్ 1935లో ప్రచురించిన పరిశీలనలో, ఒకే మార్కు వచ్చిన 15 చరిత్ర పేపర్లను 14 మంది పరీక్షకులు దిద్దారు. ఏడాది పైన గడిచాక అవే పేపర్లను, పాత మార్కులు కనబడకుండా, వాళ్లతోనే మళ్లీ దిద్దించారు. 210 తీర్పుల్లో 92 మారిపోయాయి. ఎవరో వేరే మనిషి కాదు, అదే మనిషి తన తీర్పునే మార్చుకున్నాడు. మెట్ల మార్కులు వచ్చిందే ఈ ఊగిసలాటకు కళ్లెం వేయడానికి. పరీక్షకుడి ఔదార్యం మీద కాకుండా కాగితం మీద ఉన్న గీతల మీద మార్కు నిలబడాలన్నది వీళ్ల మాట. కేంబ్రిడ్జి గణితం స్కీముల్లో ఇది ఇంకా బిగువు. పద్ధతికి ఒక రకం మార్కు, ఖచ్చితత్వానికి ఇంకో రకం. పద్ధతి మార్కు రాకపోతే దాని మీద ఆధారపడిన జవాబు మార్కు కూడా రాదు. ఆ లెక్కన మన అమ్మాయికి నాలుగు కూడా నిలిచేవి కావు.

రెండో వాదం భాషా సబ్జెక్టుల వైపు నుంచి వస్తుంది. పద్య భావం, వ్యాసం, పాత్ర చిత్రణ వంటి జవాబుకు మెట్లు ఎక్కడివి అని వీళ్లు అడుగుతారు. స్కీమ్‌లో నాలుగైదు అంశాలు రాసి ఉంటాయి. పిల్లవాడు ఆ అంశాలు రాయకుండా మంచి తెలుగులో తన ఆలోచన రాస్తే, స్కీమ్ పట్టుకున్న పరీక్షకుడు మార్కులు తగ్గిస్తాడు. అంశాలన్నీ ముక్కున పట్టి రాసినవాడికి నిండుగా వేస్తాడు. స్కీమ్ తేడాలను తగ్గించే పేరుతో ప్రతిభను కూడా చదును చేస్తుందన్నది ఆరోపణ. ఇందులో నిజముంది. కానీ తండ్రికి జవాబు చెప్పాల్సిన చోట ఈ వాదం చేతులు ఖాళీగా నిలబడుతుంది. ఆరు మార్కుల వ్యాసానికి నాలుగు ఎందుకంటే, చదివితే అలా అనిపించింది అనడం కంటే దాని దగ్గర మాట లేదు.

మూడో వాదం దిద్దడం గురించి కాదు, ఎప్పుడు మార్చాలన్న దాని గురించి. ఇద్దరు సమర్థులు ఒకే జవాబుకు నాలుగు, ఐదు వేస్తే ఇద్దరూ ఒప్పే కావొచ్చునని ఇది ఒప్పుకుంటుంది. అప్పుడు రెండో మనిషి ఐదు వేశాడని మొదటి నాలుగును తీసేస్తే, అడిగినవాడికి మాత్రమే రెండో లాటరీ టికెట్ ఇచ్చినట్టవుతుంది. డబ్బు కట్టలేని పిల్లవాడి నాలుగు మాత్రం నాలుగుగానే ఉండిపోతుంది. ఇంగ్లండ్‌లో పరీక్షల నియంత్రణ సంస్థ ఆఫ్‌క్వాల్ 2016లో ఈ దారే పట్టింది. సమీక్షకుడు తానైతే ఎంత వేసేవాడినని చూడకూడదు. స్కీమ్ ప్రకారం ఆ మార్కు ఏ సమర్థుడూ వేయలేనిదా అని చూడాలి. వేయదగినదైతే ముట్టుకోకూడదు. మన దగ్గర కొన్ని విశ్వవిద్యాలయాలు ఇదే పనిని అంకెతో చేస్తాయి. రెండో దిద్దుడుకీ మొదటిదానికీ మధ్య తేడా ఇంత శాతం దాటితేనే మార్పు లేదా మూడో దిద్దుడు. సీబీఎస్ఈ ఇంకో పక్కకు వెళ్లింది. అక్కడ రీవాల్యుయేషన్‌లో మార్కు పెరగొచ్చు, తగ్గనూ వచ్చు, తగ్గినా ఒప్పుకోవాల్సిందే. 2025 నుంచి ముందు కాపీ తెప్పించుకుని చూశాకే అడిగేలా వరుస మార్చింది.

పక్కపక్కన పెడితే మూడింటి బలమూ లోటూ తేలిపోతాయి. మొదటి వాదం గణితం, భౌతికశాస్త్రం దగ్గర గట్టిగా నిలుస్తుంది, వ్యాసం దగ్గర కుంటుతుంది. రెండోది జవాబు విలువను బాగా పట్టుకుంటుంది, ఇచ్చిన మార్కును సమర్థించుకోలేదు. మూడోది ‘నో ఛేంజ్’కు అన్నింటికంటే మంచి కారణం చెప్పగలదు, కానీ దానికి ఒక షరతు ఉంది. ఎవరైనా స్కీమ్ పక్కన పెట్టుకుని ఆ జవాబు నిజంగా చదవాలి. మన రీవెరిఫికేషన్‌లో లేనిది ఆ చదవడమే. అందుకే మన లెక్చరర్లు మూడో వాదం భాషలో తండ్రికి నచ్చజెప్పడం, నా దృష్టిలో, అరువు తెచ్చుకున్న సమర్థన.

తండ్రికి రాయదగిన జవాబు

ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోవాలి. జవాబు రాస్తున్న లెక్చరర్ ఆ పేపర్ దిద్దినవాడు కాదు. ఎవరు దిద్దారో ఆయనకు తెలియదు, తెలియకూడదు. ఆయన చేయగలిగింది కాపీని, తెలిసిన మెట్ల లెక్కను పక్కపక్కన పెట్టి చదవడం. పై ఉదాహరణలోని అమ్మాయి తండ్రికి ఆ జవాబు ఇలా ఉండొచ్చు.

“గౌరవనీయులైన తండ్రి గారికి నమస్కారం. మీ అమ్మాయి 1బి పేపర్ కాపీ మొదటి నుంచి చివరిదాకా చూసిన. మూడు సంగతులు చెప్పాలె. ఒకటి, లోపలి మార్కులు, మొదటి పేజీ పట్టిక, గుండ్రాలు మూడూ కలుస్తున్నయి. దిద్దకుండ వదిలిన జవాబు ఒక్కటి గూడ లేదు. బోర్డు రెండోసారి చూసింది ఇదే, అందుకే మారలేదు. రెండు, మీరు అడిగిన ఏడు మార్కుల లెక్కల జవాబు సరిగ్గనే వచ్చింది గని, రెండో మెట్టుల `2lm` పోయింది. అది లేకుంటె కింది గీత రాదు. ఆ మెట్టుకు రెండు మార్కులు పోవుడు న్యాయమే, నేను దిద్దినా పోయేటివే. మూడు, దాని కింది మెట్టుల ఇంకొకరైతె ఒక మార్కు ఎక్కువ వేద్దురేమో. వెయ్యలేదని తప్పు పట్టెటందుకు లేదు. ఆ ఒక్క మార్కు కోసం మళ్లీ దిద్దమనెటందుకు బోర్డు నిబంధనల దారి లేదు.”

ఈ జవాబులో మూడో సంగతే చాలామంది మింగేస్తారు. ఒక మార్కు అటూ ఇటూ కావొచ్చని ఒప్పుకుంటే తండ్రి దాన్నే పట్టుకుంటాడని భయం. కానీ దాన్ని దాచి, అన్నీ అణాపైసలతో సరిపోయాయని చెబితే మిగతా రెండూ నమ్మడు. వర్గం విస్తరణ తప్పిందని వేలు పెట్టి చూపించినప్పుడు, అంతకు ముందు మాటను కూడా నమ్మే అవకాశం ఉంటుంది.

అలాగే రాయకూడని మాటలు కొన్ని ఉన్నాయి. బోర్డు మళ్లీ దిద్దిందని రాయకూడదు, దిద్దలేదు గనుక. అమ్మాయి ఇంకా బాగా చదవాల్సింది అనకూడదు, అది అడిగిన ప్రశ్న కాదు. కాపీలో నిజంగా తప్పు కనబడితే మాత్రం వివరణ రాస్తూ కూర్చోకూడదు. లెక్క మధ్యలో ఆపి రెండు పేజీల తర్వాత కొనసాగిస్తే ఆ రెండో ముక్కకు మార్కే పడకపోవచ్చు. మార్జిన్‌లో చేసిన విస్తరణను రఫ్ అనుకుని వదిలేయవచ్చు. ఇవి అభిప్రాయ భేదాలు కావు, వదిలేసిన జవాబులు. పేజీ నంబరు, ప్రశ్న నంబరు రాసి ప్రిన్సిపాల్ ద్వారా బోర్డుకు పంపాల్సినవి.

ఇంకా తేలనివి

పేపర్ చూసే హక్కు వచ్చి పదేళ్లు దాటినా, దాన్ని దేనితో పోల్చి చూడాలన్నది తేలలేదు. సీబీఎస్ఈ తన మార్కింగ్ స్కీములను పరీక్షల తర్వాత అందరికీ కనబడేలా పెడుతుంది. మన దగ్గర కాపీ వచ్చినా స్కీమ్ రాదు. లెక్చరర్ తన అనుభవంతో మెట్లు ఊహించి చెప్పాల్సి వస్తోంది. పై ఉదాహరణలో నేను వేసిన ఏడు మార్కుల విభజన కూడా అలాంటి ఊహే. అసలు స్కీమ్‌లో విస్తరణకు ఒక్క మార్కే ఉంటే తండ్రికి రాసిన జవాబు తలకిందులవుతుంది.

స్కీమ్ బయటపెడితే ప్రతి అర మార్కుకూ కోర్టుకెక్కుతారని అభ్యంతరం. 2017 తీర్పు తర్వాత ఆ భయానికి పెద్దగా బలం లేదు. కంటికి కనబడే తప్పు తప్ప మిగతా వాటిలోకి రానని కోర్టే చెప్పింది. భాషా సబ్జెక్టుల సంగతి మాత్రం స్కీమ్ బయటపెట్టినా తేలదు. అక్కడ రెండోసారి చదవడం తప్ప మందు లేదు. లక్షల పేపర్లను రెండోసారి చదివించే మనుషులు ఎక్కడ నుంచి వస్తారన్నదానికి ఎవరి దగ్గరా జవాబు లేదు.

గణితం, సైన్సుల వరకైనా బోర్డును అడగదగిన పని చిన్నదే. రీవెరిఫికేషన్ కాపీతో పాటు ఆ పేపర్ స్కీమ్‌ను కూడా జత చేయమని. అది కొత్తగా తయారు చేయాల్సిన కాగితం కాదు. దిద్దే రోజున క్యాంపులో పరీక్షకుల బల్లల మీద ఉన్నదే.